ఇంటి ఇన్వర్టర్‌కి ట్యూబులర్ బ్యాటరీ కొనాల్నా, లిథియం కొనాల్నా: మీ ఇంటి లెక్కతోనే తేల్చుకునే పద్ధతి

ఎండాకాలం రాంగనే, హన్మకొండ కాజీపేట అనకుండ అందరి ఇండ్లల్ల ఇదే ముచ్చట. పాత బ్యాటరీ గంట కూడ ఆగుతలేదు, కొత్తది ఏది తీసుకోవాలె? దుకాణంల ఒకాయన లిథియం పెట్టుకో పదేండ్లు చూడక్కర్లేదు అంటడు, పక్క దుకాణంల ఇంకొకాయన అదంతా వద్దు ట్యూబులరే గట్టిది అంటడు. ఇద్దరూ సగం సగం నిజమే చెప్తున్నరు. ఎందుకంటే ఏది మంచిదనేది బ్యాటరీ మీద కంటే మీ ఇంట్ల కరెంటు ఎన్ని రోజులు, ఎంతసేపు పోతది, మళ్ల వచ్చినంక బ్యాటరీ పూర్తిగా నిండే టైం దొరుకుతదా లేదా అన్నదాని మీద ఉంటది. అది మీ ఇంటికి మీరే ఎట్ల లెక్కేసుకోవాల్నో ఇక్కడ వరుసగా రాస్తున్న. మామూలు ఇండ్లల్ల ఉండే ఒక్క బ్యాటరీ ఇన్వర్టర్ గురించే, అంటే 12 వోల్టులది, 900 వీఏ దరిదాపులది.

మొదటి పని: అసలు లోడు ఎంతో కొలవండి

ఫ్యాను మీద రాసింది, బల్బు డబ్బా మీద రాసింది కూడితే ఉజ్జాయింపు వస్తది గానీ పాత ఫ్యాన్ల విషయంల అది సరిగ్గ రాదు. మీ ఇంటి కరెంటు మీటరుతోనే కొలవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు కొట్టుకుంటుంటది, దాని పక్కన 3200 imp/kWh అనో ఇంకేదన్న నంబరో రాసి ఉంటది, అంటే ఆ లైటు 3200 సార్లు కొట్టుకుంటే ఒక యూనిట్ కాలినట్టు. బ్యాటరీ ఫుల్ ఉన్నప్పుడు (లేకుంటే చార్జింగ్ లోడు కూడ కలుస్తది) ఫ్రిజ్, గీజర్, మోటరు అన్నీ బంద్ చేసి, కరెంటు పోతే మీరు ఏవేవి వాడుతరో అవే వేసి పెట్టండి. ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టి పది సార్లు కొట్టుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 35 సెకన్లు పట్టిందనుకోండి:

```
W = 36000000 / (3200 × 35) = 321
```

అంటే 320 వాట్ల లోడు. మూడు పాత ఫ్యాన్లు, అయిదు ఎల్‌ఈడీ బల్బులు, ఒక చిన్న టీవీ, వైఫై డబ్బా ఉన్న ఇంట్ల దాదాపు ఇంతే వస్తది. మీ మీటరు మీద వేరే నంబరు ఉంటే 3200 బదులు అది వేసుకోండి.

బ్యాటరీ నుంచి మాత్రం ఇంతకంటే ఎక్కువే పోతది, ఎందుకంటే ఇన్వర్టర్ తను కొంత తింటది. వందకి 80 మనకు వస్తయనుకుంటే, 320 వాట్ల కోసం బ్యాటరీ 400 వాట్లు ఇయ్యాలె, 12 వోల్టుల మీద అది 33 ఆంపియర్లు. ఈ 33 గుర్తుపెట్టుకోండి, కింద లెక్కలన్నీ దీనితోనే.

రెండో పని: బ్యాటరీ మీద రాసిన నంబరుల మీరు నిజంగ వాడుకోగలిగేది ఎంత

150 ఏహెచ్, అంటే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ అంటే 150ని 33తోని భాగించి నాలుగున్నర గంటలు వస్తదని చాలామంది అనుకుంటరు. రాదు. ఆ 150 అనేది సీ20 లెక్క, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున మెల్లగ 20 గంటలు తీస్తే వచ్చేది. మనం 33 ఆంపియర్ల స్పీడుతో గుంజుతే ట్యూబులర్ లాంటి లెడ్ బ్యాటరీ అంత ఇయ్యదు, ప్లేట్ల లోపలికి యాసిడ్ అంత తొందరగ చేరదు కాబట్టి వోల్టేజీ ముందే పడిపోతది. ఇంత లోడుకు సుమారు 110 ఏహెచ్ వస్తది అనుకోండి, అంటే కొత్తగ ఉన్నప్పుడు మూడు గంటల పైన కొద్దిగ.

ఇంకో ముచ్చట ఏందంటే, ఆ మూడు గంటలు కూడ రోజూ వాడుకునేది కాదు. లెడ్ బ్యాటరీని ఎంత లోతుకు దించితే అంత తొందరగ పాడయితది. సగం వరకు, అంటే 75 ఏహెచ్ వరకే తీసి మళ్ల నింపుతుంటే అది మంచిగ నడుస్తది. 33 ఆంపియర్ల మీద 75 ఏహెచ్ అంటే రెండుంబావు గంటలు. మన ఇన్వర్టర్ మాత్రం సగం కాంగనే ఆగదు, బ్యాటరీ వోల్టేజీ 10.5 దగ్గరికి దిగినప్పుడు కట్ చేస్తది, అప్పటికి బ్యాటరీ దాదాపు ఖాళీ అయిపోయుంటది. కాబట్టి సగం దగ్గర ఆపే పని మీదే, గడియారం చూసి టీవీ, ఒక ఫ్యాను బంద్ చేసుకోవడమే.

లిథియం అంటే ఇంటికి వాడేది ఎల్‌ఎఫ్‌పీ రకం, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇది తప్ప వేరే రకం లిథియం ఇంట్ల ఇన్వర్టర్‌కి తీసుకోకండి, ఎల్‌ఎఫ్‌పీ వేడికి తట్టుకుంటది, తొందరగ అంటుకునే గుణం లేదు. దీంట్ల 100 ఏహెచ్ బ్యాటరీ 12.8 వోల్టుల మీద 1280 వాట్ అవర్లు. 80 శాతం తీసినా 1024 వస్తయి, 400తోని భాగిస్తే రెండున్నర గంటలు. లోడు పెరిగినా లెడ్ లెక్క పెద్దగ తగ్గదు. అంటే 150 ఏహెచ్ ట్యూబులర్‌ని జాగ్రత్తగ వాడితే వచ్చే టైముకి, 100 ఏహెచ్ లిథియం ఇచ్చే టైము సమానం, ఇంకొంచెం ఎక్కువే. దుకాణంల 150కి 150 లిథియం అమ్మజూస్తే మీరు ఈ లెక్క చెప్పండి, పైసలు మిగుల్తయి.

ఒక చిన్న మాట ఇక్కడనే చెప్పాలె. మూడు పాత ఫ్యాన్లు 210 వాట్లు తింటున్నయి, వాటి బదులు తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే మూడూ కలిసి 90. మొత్తం లోడు 320 నుంచి 200కి దిగుతది, బ్యాటరీ మీద 33 ఆంపియర్లు కాస్త 21 అయితయి, అదే ట్యూబులర్‌ని సగం వరకే తీసినా మూడున్నర గంటలు వస్తది. కొంతమందికి కొత్త బ్యాటరీ గొడవే అక్కర్లేదు, ఫ్యాన్లు మార్చుకుంటే సరిపోతది, రోజూ కరెంటు బిల్లు కూడ తగ్గుతది.

మూడో పని: పాత బ్యాటరీ ఎన్నేండ్లు నడిచింది, ఎందుకు పోయింది

అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, కానీ ఎవరూ చెయ్యరు. పాత బ్యాటరీని ఎక్స్చేంజ్‌ల ఇచ్చేసే ముందు వారంటీ కార్డు తీసి కొన్న తారీఖు చూడండి. ఎన్నేండ్లు వచ్చింది? తర్వాత హైడ్రోమీటర్ తెచ్చి (బ్యాటరీ మెకానిక్ దగ్గర ఉంటది, కొన్నా పెద్ద ఖర్చు కాదు) ఒక రాత్రంతా చార్జింగ్ పెట్టినంక ఆరు సెల్స్‌ల గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం చూడండి. కండ్లకు అద్దాలు, చేతికి గ్లౌజులు పెట్టుకోండి, అది యాసిడ్. ఇన్వర్టర్ ట్యూబులర్ ఫుల్ ఉంటే 1.240 దగ్గర చూపిస్తది, సగం ఖాళీ అయితే 1.170, 1.180 దగ్గర.

అయిదు సెల్స్ 1.240 ఉండి ఒక్కటే 1.150 ఉందనుకోండి, ఆ ఒక్క సెల్ షార్ట్ అయింది, మీ వాడకం తప్పు కాదు. ఆరింటికి ఆరు 1.190, 1.200 దగ్గరే ఆగిపోయి ఎంతసేపు చార్జి పెట్టినా ఎక్కుతలేవంటే సల్ఫేషన్ అయింది, అంటే బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగ నిండకుండనే రోజులు గడిచినయి. నీళ్లు ప్లేట్ల కిందికి పోయినయంటే అది చూసుకోకపోవడం వల్ల, లేకుంటే చార్జింగ్ వోల్టేజీ మరీ ఎక్కువుండడం వల్ల.

సల్ఫేషన్ గురించి కొంచెం వివరంగ చెప్తా, ఎందుకంటే పల్లెల్ల ట్యూబులర్లు తొందరగ పోయేది ఎక్కువ దీనితోనే. లోతుగ దింపడం ఒకటే దీన్ని చంపదు, దింపినంక పూర్తిగ నింపకపోవడం చంపుతది. లెడ్ బ్యాటరీల 80 శాతం వరకు గబగబ ఎక్కుతది, మిగిలిన 20 శాతానికే నాలుగైదు గంటలు కావాలె, అది కూడ 14.4 వోల్టుల దగ్గర ఆపి పట్టి ఇస్తేనే. 75 ఏహెచ్ తీసిన బ్యాటరీకి 12, 15 ఆంపియర్లతో మొత్తం పది గంటల దాకా పడతది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కరెంటు పోయి, మధ్యల లో వోల్టేజీ ఉంటే ఆ చివరి 20 శాతం ఎప్పటికీ ఎక్కదు. ప్లేట్ల మీద మెత్తగ ఉండాల్సిన లెడ్ సల్ఫేట్ మెల్లగ గట్టి పలుకులు కడతది, ఇగ కరగదు. లిథియంకు ఈ బాధ లేదు, సగం నిండి ఉన్నా దానికి ఏం కాదు, ఇంకా సగంల ఉంటేనే దానికి సుఖం. ఈ ఒక్క తేడానే చాలా ఇండ్లల్ల నిర్ణయం చేస్తది, ఎన్నిసార్లు నింపి ఖాళీ చెయ్యొచ్చో చెప్తూ డబ్బా మీద రాసిన సైకిల్స్ నంబరు కాదు.

వేడి రెండింటికీ శత్రువే. లెడ్ బ్యాటరీకి 25 డిగ్రీల మీద పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం అయితదని లెక్క, మన దిక్కు మే నెలల 43, 44 పోతది, మెట్ల కింద రేకుల షెడ్డుల పెట్టిన బ్యాటరీ ఇంకా వేడిగ ఉంటది. లిథియం కూడ వేడికి అరుగుతది, మరీ వేడెక్కితే లోపల బ్యాటరీని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ చార్జింగే ఆపేస్తది. ఏది కొన్నా ఎండ తగలని, గాలి ఆడే జాగల పెట్టండి. ట్యూబులర్‌కి గాలి ఇంకో కారణానికి కూడ కావాలె, నిండేటప్పుడు హైడ్రోజన్ వదులుతది, బెడ్రూంల అల్మారీల పెట్టొద్దు.

నాలుగో పని: ఏడాదికి ఎంత పడుతుందో లెక్కేయండి

ఇక్కడ రాసే రేట్లు లెక్క అర్థం కావడానికే, మీ దుకాణంల ఏం చెప్తే అది పెట్టుకోండి. 2025 సెప్టెంబర్‌ల లెడ్ బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి పాత బిల్లు చూసి లెక్కేసుకోకండి. 150 ట్యూబులర్ 16,000, అది పోయినంక పాత బ్యాటరీకి 2,500 వస్తదనుకుందాం, అంటే నిజం ఖర్చు 13,500. డిస్టిల్డ్ వాటర్‌కి ఏడాదికి 300. లిథియం 100 ఏహెచ్ 35,000, దానికి పాత రేటు ఏం రాదనే అనుకుందాం.

హన్మకొండల మా చిన్నమ్మ వాళ్లిల్లు, పైన చెప్పిన 320 వాట్ల లోడే. అక్కడ కరెంటు పోయేది రిపేరు కోసం లైన్ బంద్ చేయించి ఎల్‌సీ తీసుకున్నప్పుడు, గాలిదుమారం వచ్చినప్పుడు, ఎక్కువ ఒక గంట, ఎప్పుడో రెండు గంటలు, మిగతా రోజుల్ల అయిదు నిమిషాలు పోయి వస్తది. ఎప్పుడూ సగం దాటలేదు, నిండడానికి రాత్రంతా టైం ఉంటది. పాత ట్యూబులర్ అయిదేండ్లు వచ్చింది. ఏడాదికి 13,500ని 5తో భాగించి 300 కలిపితే 3,000. లిథియం అక్కడ తొమ్మిదేండ్లు నడుస్తదనుకున్నా ఏడాదికి 3,900. వాళ్లకు మళ్ల ట్యూబులరే తీసుకోమన్న. ఎందుకంటే రోజూ వాడని బ్యాటరీకి లిథియం సైకిల్స్ ఉండి ఏం లాభం, ఊరికే కూర్చున్నా దానికి వయసు అయితనే ఉంటది కదా.

ఇంకోటి పరకాల దిక్కు ఒక ఊర్ల మా వదిన, బట్టలు కుడతది. మిషన్ మోటరు, రెండు ఫ్యాన్లు, లైట్లు కలిపి 240 వాట్లు, అంటే బ్యాటరీ మీద 300. రోజుకి రెండుసార్లు గంటన్నర చొప్పున పోతది, సాయంత్రాలు లో వోల్టేజీ. తీసేది ఒక్కోసారి 38 ఏహెచ్ లోపే, సగం కూడ కాదు, అయినా రెండేండ్లకే బ్యాటరీ పోయింది. గ్రావిటీ చూస్తే ఆరు సెల్స్ 1.200 దాటుతలేవు. అక్కడ ముందు ఇన్వర్టర్ వెనకాల చార్జింగ్ కరెంటు స్విచ్ చూడాలె, అది 10 ఆంపియర్ల మీద ఉంటే 15కి పెట్టి కొత్త ట్యూబులర్‌తో చూడొచ్చు. కానీ లో వోల్టేజీ ఉన్నన్ని రోజులు అది కూడ పూర్తిగ నిండదు. రెండేండ్ల లెక్కన ట్యూబులర్ ఏడాదికి 6,750 ప్లస్ 300, మొత్తం 7,050. లిథియంకి రోజుకి 900 వాట్ అవర్లే అవసరం, 80 శాతం లోతు మీద 3,000 సైకిల్స్ అని రాసిన బ్యాటరీ అయితే లెక్కకు తొమ్మిదేండ్ల పైన వస్తది, మన ఎండలు చూసి ఎనిమిదే అనుకుందాం, ఏడాదికి 4,375. అక్కడ లిథియమే.

రెండింటి మధ్య గీత ఎక్కడంటే, ఈ రేట్ల మీద మీ ట్యూబులర్ మూడున్నరేండ్ల కంటే ముందే పోతుంటే లిథియం గిట్టుబాటయితది, అంతకంటే ఎక్కువ నడుస్తుంటే ట్యూబులరే. ఒక్క సెల్ షార్ట్ అయి పోయిందో, నీళ్లు పొయ్యక పోయిందో అయితే ఆ ఆయుష్షును లెక్కల పట్టుకోకండి, అది మీ కరెంటు పరిస్థితి చెప్పదు.

వారంటీ చూసేటప్పుడు 36+24 అని రాసి ఉంటే అయిదేండ్లు కొత్తది ఇస్తరని కాదు, మొదటి 36 నెలలే ఊరికే మారుస్తరు, తర్వాత 24 నెలలు రేటుల తగ్గింపు మాత్రమే. లిథియంకి కూడ ఇదే అడగండి, ఇంకా బ్యాటరీ ఎంత కెపాసిటీకి పడిపోతే మారుస్తరు అని కాగితం మీద చూడండి.

అయిదో పని: లిథియం తీసుకుంటే పాత ఇన్వర్టర్ దానికి పనికొస్తదా

ఇక్కడ చాలామంది దెబ్బతింటరు. బ్యాటరీ మంచిదే ఉంటది, ఇన్వర్టర్‌తో దానికి పొసగదు. ఇన్వర్టర్‌ల లిథియం మోడ్ ఉంటే అది పెట్టండి, రంది లేదు. లేకుంటే చార్జింగ్ ఎక్కుతున్నప్పుడు, ముఖ్యంగ నిండే టైంకు, బ్యాటరీ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ పెట్టి చూడండి. ఎల్‌ఎఫ్‌పీకి 14.6 దాటొద్దు. కొన్ని ఇన్వర్టర్లు ట్యూబులర్ మోడ్‌ల దానికంటే పైకి పోతయి, అప్పుడు బీఎంఎస్ కట్ చేస్తది, ఇన్వర్టర్ బ్యాటరీ లేదనుకొని బీప్ కొడతది. ఫ్లాట్ బ్యాటరీ మోడ్‌ల పెడితే ఎక్కువసార్లు వోల్టేజీ తక్కువ ఉంటది, పెట్టి మళ్ల కొలవండి.

బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లదో తప్పకుండ అడగండి. ఫ్యాన్లు, లైట్లకు 33 ఆంపియర్లే గానీ ఎవరన్నా మిక్సీ వేస్తే ఒక్కసారి 80 దాటుతది, 50 ఆంపియర్ల బీఎంఎస్ అయితే ఇల్లంతా చీకటి చేస్తది. 100 ఆంపియర్లది తీసుకోండి.

తర్వాత ఒక పరీక్ష ఉంది, వచ్చిన మెకానిక్ ఎదురుంగనే చెయ్యండి, లేకుంటే వారంల మీరే చెయ్యండి. బ్యాటరీ పూర్తిగ నింపి, మెయిన్ ఆపి, మీటరుతో కొలిచిన ఆ 320 వాట్ల లోడే వేసి టైం చూడండి. బీఎంఎస్ కట్ చేసేదాకా 1280 వాట్ అవర్ల బ్యాటరీ దాదాపు మూడు గంటలు రావాలె. రెండు గంటలకే పడిపోతే లోపల సెల్స్ రాసినంత లేవు, అదే రోజు వాపస్ చెయ్యండి. కట్ అయినంక మెయిన్ ఆన్ చేసి చార్జింగ్ తనంతట తనే మొదలైతదో లేదో చూడండి. కొన్ని ఇన్వర్టర్లు బ్యాటరీ వోల్టేజీ కనపడకపోతే చార్జింగే మొదలుపెట్టవు, అట్లాంటి ఇన్వర్టర్ మీద లిథియం పెడితే అర్ధరాత్రి పూర్తిగ ఖాళీ అయిన రోజు కరెంటు వచ్చినా నిండదు, ఖాళీగనే వారాలు పడి ఉంటే సెల్సే పాడయితయి. చార్జింగ్ మొదలు కాకుంటే ఇన్వర్టర్ కూడ మార్చాలె, ఆ ఖర్చు నాలుగో పనిల 35,000కి కలిపి మళ్ల భాగించి చూసుకోండి, అప్పుడు లిథియం గిట్టకపోవచ్చు కూడ.

ఇన్వర్టర్ మీద బ్యాటరీ గీతలు చూసి లిథియం ఎంత మిగిలిందో చెప్పలేం, దాని వోల్టేజీ చివరిదాకా ఒకే తీరుగ ఉండి ఒక్కసారి పడిపోతది. బ్యాటరీ మీదే డిస్‌ప్లే ఉన్నది తీసుకోండి, లేకుంటే పైన చేసిన పరీక్షల వచ్చిన గంటలనే గుర్తుపెట్టుకోండి. పాత ట్యూబులర్‌ని దీనికి జత కలిపి వైర్లు వెయ్యమని ఎవరన్నా సలహా ఇస్తే వినకండి, రెండిటి వోల్టేజీలు వేరు, ఒకటి ఇంకోదాన్ని గుంజుతనే ఉంటది. ట్యూబులర్‌నే మళ్ల తీసుకున్నోళ్లు చార్జింగ్ స్విచ్ 15 ఆంపియర్ల మీద, మోడ్ ట్యూబులర్ మీద ఉందో లేదో మొదటిరోజే చూసుకోండి, ఎండాకాలంల నెలకోసారి ఫ్లోట్ మూతలు చూసి డిస్టిల్డ్ వాటరే పొయ్యండి, బోరు నీళ్లు గానీ ఫిల్టర్ నీళ్లు గానీ వద్దు, ఆరు నెలలకోసారి హైడ్రోమీటర్ పెట్టి ఆరు నంబర్లు వారంటీ కార్డు వెనక తారీఖుతో రాసి పెట్టుకోండి.